మార్చి 31, మే 5: ఒకే పండుగకు రెండు తేదీలు

ప్రశ్న: మా అబ్బాయి ఏథెన్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 2024లో మనం మార్చి 31న ఈస్టర్ చేసుకుంటే అక్కడ మే 5న చేశారట. 2025లో ఇద్దరికీ ఏప్రిల్ 20. 2026లో మనకు ఏప్రిల్ 5, వాళ్లకు 12. ఇలా ఎందుకు మారుతోంది? యూదుల పస్కా అయ్యాకే చేయాలన్నది ఆర్థడాక్స్ వాళ్ల నియమమని ఒకరన్నారు, నిజమేనా? మా ఆఫీసులో పనిచేసే మలయాళీ ఆర్థడాక్స్ ఆవిడ మాత్రం మనతోపాటే చేసుకుంటుంది.

జవాబు:

అమ్మా, ముందు ఒక మాట. రెండు వర్గాల సూత్రమూ ఒకటే. వసంత విషువత్తు, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజు, ఆ రోజున గానీ అది దాటాక గానీ వచ్చే మొదటి పౌర్ణమిని పట్టుకుని, ఆ పౌర్ణమి తర్వాత వచ్చే మొదటి ఆదివారం ఈస్టర్ చేయాలి. పౌర్ణమే ఆదివారం పడితే ఆ రోజు చేయకూడదు, తర్వాతి ఆదివారం దాకా ఆగాలి. రోము చెప్పేదీ ఇదే, ఏథెన్స్ చెప్పేదీ ఇదే. విషువత్తు ఏ రోజు, పౌర్ణమి ఏ రోజు అన్న లెక్క దగ్గరే దారులు విడిపోయాయి. నేను వేదాంత కళాశాలలో చాలా ఏళ్లు సంఘ చరిత్ర చెప్పాను. ఏదో ఒక సంవత్సరాన్ని తీసుకుని బోర్డు మీద మొదటి నుంచి చివరి దాకా లెక్క వేస్తే తప్ప ఇది పిల్లలకు పట్టుబడేది కాదు. మీరు అడిగిన 2024 అందుకు చాలా మంచి సంవత్సరం. కానీ ఆ లెక్కకు ముందు పాత కథ కొంచెం తెలియాలి.

యేసు సిలువ మరణం యూదుల పస్కా రోజుల్లో జరిగింది. పస్కా నీసాను మాసం పద్నాలుగో రోజు సాయంత్రం మొదలవుతుంది. వాళ్ల నెల అమావాస్య తర్వాతి నెలవంకతో మొదలవుతుంది కాబట్టి పద్నాలుగో రోజంటే పౌర్ణమి వేళ. అందుకే ఈస్టర్‌కు చంద్రుడితో ముడి పడింది. తొలి శతాబ్దాల్లో చిన్న ఆసియా సంఘాలు కొన్ని ఆ పద్నాలుగో రోజునే, ఏ వారమైనా సరే, పండుగ చేసేవి. మిగతావి ఆదివారమే చేయాలనేవి. ఆదివారం చేసేవాళ్లలోనూ కొందరు ఇరుగుపొరుగు యూదులను అడిగి వాళ్ల పస్కాను బట్టి తేదీ పెట్టుకునేవారు, కొందరు సొంతంగా లెక్క కట్టుకునేవారు. 325లో నైసియాలో జరిగిన మహాసభ అందరూ ఒకే ఆదివారం చేయాలనీ, యూదుల ప్రకటన మీద ఆధారపడకుండా సంఘం తన లెక్క తానే చూసుకోవాలనీ తీర్మానించింది. ఈ తీర్మానం సంగతి మనకు తెలిసేది సభ రాసిన లేఖ వల్ల, కాన్‌స్టంటైన్ చక్రవర్తి రాసిన లేఖ వల్ల. సభ చేసిన ఇరవై నియమాల్లో ఈస్టర్ లెక్క గురించి ఒక్క ముక్క లేదు. "పౌర్ణమి తర్వాతి ఆదివారం అని నైసియా నియమంలో ఉంది" అని చాలా పుస్తకాల్లో రాస్తారు, అది పొరపాటు. సభ ఏకత్వం కోరింది. లెక్క కట్టే పని క్రమంగా అలెగ్జాండ్రియా సంఘం చేతికి వచ్చింది. ఖగోళ లెక్కల్లో ఆ నగరానికి అప్పటికే గొప్ప పేరు. 525లో డయొనీసియస్ అనే సన్యాసి అలెగ్జాండ్రియా పద్ధతిని రోముకు తెచ్చాక పశ్చిమం కూడా నెమ్మదిగా దాన్నే పట్టుకుంది. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్లు తూర్పు, పడమర ఒకే రోజున పండుగ చేసుకున్నాయి. 1054లో రోము సంఘమూ తూర్పు ఆర్థడాక్స్ సంఘాలూ విడిపోయిన తర్వాత కూడా ఈస్టర్ మాత్రం ఐదు వందల ఏళ్లకు పైగా ఒకటిగానే సాగింది. ఈ తేడా మత సిద్ధాంతం మీద వచ్చిన గొడవ కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఆ అలెగ్జాండ్రియా పట్టిక పంచాంగం చూసే అలవాటున్న మన వాళ్లకు త్వరగా అర్థమవుతుంది. చాంద్రమాన సంవత్సరం సౌర సంవత్సరం కంటే పదకొండు రోజులు తక్కువ. అందుకే మన దీపావళి ఏడాదికి పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతూ, అధిక మాసం వచ్చిన ఏడు వెనక్కి దూకుతుంది. పందొమ్మిదేళ్లలో ఏడు అధిక మాసాలు వేస్తే సూర్యుడి లెక్కా చంద్రుడి లెక్కా మళ్లీ కలుస్తాయి. అలెగ్జాండ్రియా వాళ్లు సరిగ్గా ఈ పందొమ్మిదేళ్ల చక్రాన్నే వాడారు. చక్రంలో ప్రతి ఏడాదికీ ఒక పౌర్ణమి తేదీ రాసి పెట్టారు. విషువత్తును మార్చి 21 అని ఖాయం చేశారు. ఇక ఆకాశం వైపు చూడాల్సిన పని లేదు. ఎక్కడో మారుమూల పల్లెలో ఉన్న పాదిరి కూడా పట్టిక చూసి రాబోయే వందేళ్ల ఈస్టర్ తేదీలు చెప్పగలడు. ఆ కాలానికి అది చాలా గొప్ప సౌకర్యం.

కానీ ఆ పట్టికలో రెండు చిన్న తప్పులున్నాయి, రెండూ కాలంతోపాటు పెరిగాయి.

మొదటిది సూర్యుడిది. ఆ పట్టిక రాసింది అప్పట్లో వాడుకలో ఉన్న జూలియన్ క్యాలెండర్‌లో. అందులో ఏడాదికి 365 రోజుల 6 గంటలు. అసలు ఋతువుల సంవత్సరం అంతకంటే దాదాపు 11 నిమిషాలు తక్కువ. ఏడాదికి 11 నిమిషాలంటే ఎవరికీ తెలియదు. కానీ 128 ఏళ్లకు అది ఒక పూర్తి రోజవుతుంది. 1580ల నాటికి ఆకాశంలో విషువత్తు మార్చి 11 ప్రాంతానికి వచ్చేసింది, పట్టిక మాత్రం ఇంకా మార్చి 21 అనే చెబుతోంది. రెండోది చంద్రుడిది. పందొమ్మిది జూలియన్ సంవత్సరాలకూ 235 చాంద్ర మాసాలకూ మధ్య గంటన్నర తేడా ఉంది. మూడు వందల ఏళ్లు దాటేసరికి ఇదీ ఒక రోజవుతుంది. ఈనాడు పాత పట్టికలో రాసిన పౌర్ణమి అసలు పౌర్ణమి వెళ్లిన నాలుగైదు రోజులకు వస్తోంది.

1582లో పోప్ పదమూడో గ్రెగరీ రెంటినీ సరిచేశాడు. ఆ ఏడాది అక్టోబరు 4 మర్నాడు అక్టోబరు 15 అయింది, అలా పది రోజులు తీసేశారు. లీపు సంవత్సరాల నియమం మార్చారు. చాలామందికి తెలియనిది మూడో పని: చంద్రుడి పట్టికను కూడా తిరగరాశారు, ఇకమీదట శతాబ్దాలు గడిచేకొద్దీ దాన్ని దిద్దుకునే ఏర్పాటు కూడా చేశారు. తూర్పు సంఘాల పెద్ద, కాన్‌స్టాంటినోపుల్ పేట్రియార్క్ రెండో జెరెమియా దీన్ని తిరస్కరించాడు. పోప్ ఒక్కడే నిర్ణయించి పంపిన మార్పు అది. తూర్పు సంఘాల దృష్టిలో ఇలాంటిది అందరూ సభలో కూర్చుని తేల్చాలి. వాళ్ల అభ్యంతరం ఖగోళ శాస్త్రం మీద కాదు, నిర్ణయించే అధికారం ఎవరిదన్న దాని మీద. అక్కడితో ఈస్టర్ రెండయింది.

ఇప్పుడు 2024 లెక్క చూద్దాం. ఆ ఏడాది హోలీ మార్చి 25, సోమవారం. అది ఫాల్గుణ పౌర్ణమి. పశ్చిమ పట్టికలోనూ ఆ నెల పౌర్ణమి మార్చి 25నే. మార్చి 21 దాటింది, పౌర్ణమి వచ్చింది, తర్వాతి ఆదివారం మార్చి 31. మన ఈస్టర్ అయిపోయింది.

ఆర్థడాక్స్ వాళ్లకూ విషువత్తు మార్చి 21నే, కానీ అది జూలియన్ క్యాలెండర్ మార్చి 21. జూలియన్ ఇప్పుడు మన క్యాలెండర్‌కు 13 రోజులు వెనక ఉంది కాబట్టి వాళ్ల మార్చి 21 అంటే మనకు ఏప్రిల్ 3. హోలీ పౌర్ణమి దానికంటే ముందే వచ్చింది కనుక వాళ్ల లెక్కలో అది వసంత పౌర్ణమి కాదు, తీసి పక్కన పెట్టాలి. తర్వాతిది చైత్ర పౌర్ణమి. ఆకాశంలో అది ఏప్రిల్ 23 రాత్రి దాటి 24 తెల్లవారుజామున పూర్తయింది. దాన్ని పట్టుకున్నా ఈస్టర్ ఏప్రిల్ 28 అయ్యేది. కానీ వాళ్ల పాత పట్టికలో ఆ పౌర్ణమి తేదీ జూలియన్ ఏప్రిల్ 15, అంటే మనకు ఏప్రిల్ 28. మన పంచాంగం ప్రకారం అప్పటికి బహుళ పక్షంలో నాలుగైదు రోజులు గడిచిపోయాయి. పైగా ఆ ఏప్రిల్ 28 ఆదివారం పడింది. పౌర్ణమి ఆదివారమైతే ఆగాలి కదా? అందుకని ఇంకో వారం, మే 5. ఐదు వారాల తేడాలో నాలుగు వారాలు విషువత్తు మారినందుకు, చివరి వారం పట్టిక చంద్రుడు ఆలస్యంగా వచ్చినందుకు.

ఈ లెక్క మీరే వేసుకోవచ్చు, పట్టిక కూడా అక్కర్లేదు. సంవత్సరాన్ని 19తో భాగించి శేషం తీసుకోండి. దాన్ని 19తో గుణించి 15 కలపండి. వచ్చినదాన్ని 30తో భాగించి శేషం చూడండి. ఆ శేషం ఎంతో, ఏప్రిల్ 3కి అన్ని రోజులు కలిపితే ఆర్థడాక్స్ పట్టిక పౌర్ణమి మన క్యాలెండర్ తేదీలో వస్తుంది. దాని తర్వాతి ఆదివారం వాళ్ల ఈస్టర్. 2024ను 19తో భాగిస్తే శేషం 10. పందొమ్మిది పదులు 190, పదిహేను కలిపితే 205, ముప్పైతో భాగిస్తే శేషం 25. ఏప్రిల్ 3కి 25 రోజులు కలిపితే ఏప్రిల్ 28. సరిపోయింది. 2099 దాకా ఇది ఇలాగే పనిచేస్తుంది. 2100 మార్చిలో జూలియన్ ఇంకో రోజు వెనకబడి తేడా 14 అవుతుంది, అప్పటి నుంచి ఏప్రిల్ 4తో మొదలుపెట్టాలి.

కొందరు మన ఈస్టర్ తేదీకి 13 రోజులు కలిపితే వాళ్ల ఈస్టర్ వస్తుందనుకుంటారు. అలా ఎన్నడూ రాదు. ఆదివారానికి 13 రోజులు కలిపితే శనివారం వస్తుంది. ఎవరైనా అలా చెబితే అక్కడే తప్పు పట్టేయవచ్చు.

2025లో కలవడం వెనక చిన్న విశేషముంది. ఆ ఏడాది పశ్చిమ పౌర్ణమి ఏప్రిల్ 13, అది ఆదివారం. అంటే ఈసారి ఆగాల్సి వచ్చింది మనమే, ఏప్రిల్ 20 దాకా. వాళ్ల పట్టిక పౌర్ణమి ఏప్రిల్ 17 గురువారం, తర్వాతి ఆదివారమూ 20వ తేదీయే. రెండు పౌర్ణములకూ నాలుగు రోజుల ఎడం ఉన్నా ఆ రెంటి తర్వాత వచ్చే ఆదివారం ఒక్కటే అయింది. 2026లో మన పౌర్ణమి ఏప్రిల్ 2 గురువారం, వాళ్లది ఏప్రిల్ 6 సోమవారం. ఎడం అదే నాలుగు రోజులు, కానీ మధ్యలో ఏప్రిల్ 5 ఆదివారం వచ్చి కూర్చుంది. మన పండుగ ఆ రోజు, వాళ్లది మరో వారానికి.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. రెండు ఈస్టర్‌ల మధ్య తేడా ఎప్పుడూ సున్నా, ఒకటి, నాలుగు, లేదా ఐదు వారాలే. రెండు వారాలు, మూడు వారాలు అన్నది ఉండదు. ఇద్దరూ ఒకే పౌర్ణమిని పట్టుకున్న ఏడు ఎడం నాలుగైదు రోజులే కాబట్టి తేడా ఉండదు, లేదా ఒక వారం ఉంటుంది. వేర్వేరు పౌర్ణములను పట్టుకున్న ఏడు నెల పైన నాలుగైదు రోజులు తేడా, కాబట్టి నాలుగో ఐదో వారాలు. మన కాలంలో పందొమ్మిదేళ్ల చక్రంలో ఐదేళ్లు ఇలా నెల తప్పుతుంది. మిగతా పద్నాలుగేళ్లూ ఒకే పౌర్ణమి.

పస్కా సంగతి. ఆ మాట మీకు చెప్పినవారిని తప్పు పట్టలేను, ఆర్థడాక్స్ పాదిరులే చాలామంది ఇలా చెబుతారు. యూదుల పస్కా అయ్యాకే ఈస్టర్ చేయాలని నైసియా శాసించింది అన్నది పన్నెండో శతాబ్దపు శాసన వ్యాఖ్యాత జొనారస్ ఇచ్చిన వివరణలో కనిపిస్తుంది. అప్పటికే పట్టిక జారిపోయి, ఈస్టర్ మామూలుగా పస్కా తర్వాతే వస్తోంది. కళ్లముందు జరుగుతున్నదాన్ని ఆయన నియమంగా చదివాడు. నైసియా చెప్పింది వేరు: యూదుల లెక్క మీద ఆధారపడవద్దని. వాళ్ల పండుగ ముగిసేదాకా ఆగాలంటే మళ్లీ వాళ్ల లెక్క మీదే ఆధారపడినట్టు కదా, సభ వద్దన్నదే అది!

నిజంగా అలాంటి నియమం ఉందో లేదో తేదీలే చెబుతాయి. 2024లో పస్కా ఏప్రిల్ 22 సాయంత్రం మొదలైంది. "పస్కా మొదలయ్యాక వచ్చే మొదటి ఆదివారం" అన్నది నియమమైతే ఈస్టర్ ఏప్రిల్ 28 కావాలి, కాలేదు. పోనీ "పస్కా వారమంతా ముగిశాక" అనుకుందాం. 2017లో పస్కా ఏప్రిల్ 10 సాయంత్రం మొదలై వారం రోజులు సాగింది, ఆర్థడాక్స్ ఈస్టర్ ఏప్రిల్ 16న వచ్చేసింది, పస్కా ఇంకా నడుస్తుండగానే. ఈస్టర్ తేదీ కట్టేటప్పుడు యూదుల క్యాలెండర్‌ను ఎవరూ తెరవరు. తెరిచేది అలెగ్జాండ్రియా పట్టిక ఒక్కటే.

పశ్చిమం లెక్క ఆకాశంతో పూర్తిగా కలుస్తుందని మాత్రం అనుకోకండి. మనదీ పట్టికే. 2019లో విషువత్తు, హోలీ పౌర్ణమి రెండూ మన దేశ కాలమానంలో మార్చి 21నే వచ్చాయి, ముందు విషువత్తు, కొన్ని గంటలకు పౌర్ణమి. ఆకాశాన్ని బట్టి చేస్తే ఈస్టర్ మార్చి 24 కావాలి. కానీ పట్టికలో ఆ పౌర్ణమి మార్చి 20న పడి, విషువత్తుకు ఒక రోజు ముందున్నట్టు లెక్కకు వచ్చింది. దాంతో మనం తర్వాతి పౌర్ణమి దాకా ఆగి ఏప్రిల్ 21న చేసుకున్నాం. ఆకాశంలో గ్రహాల అసలు స్థితిని బట్టి కట్టే దృక్ గణితం పంచాంగానికీ పాత సిద్ధాంత పంచాంగానికీ తిథి తేడా వచ్చి మన ఊళ్లలో పండుగ ఏ రోజన్న చర్చ నడిచే ఏళ్లుంటాయి కదా. ఇక్కడ రెండు పక్షాలూ దృక్ గణితం వాడవు. ఒకరిది పాత పట్టిక, ఇంకొకరిది దిద్దిన పట్టిక.

మరి దిద్దుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ప్రయత్నించారు. 1923లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఆర్థడాక్స్ సంఘాల సమావేశం జరిగింది. సెర్బియా శాస్త్రవేత్త మిలుతిన్ మిలాంకోవిచ్ తయారు చేసిన కొత్త క్యాలెండర్‌ను అక్కడ ఒప్పుకున్నారు. దాని తేదీలు 2800 దాకా మన క్యాలెండర్‌తో ఒకటే. పౌర్ణమిని జెరూసలేము రేఖాంశం మీద అసలు ఆకాశాన్ని బట్టే లెక్కించాలని కూడా అదే సమావేశం తీర్మానించింది. మొదటి భాగాన్ని గ్రీసు, రొమేనియా వంటి సంఘాలు 1924 నుంచి అమలు చేశాయి. రెండో భాగం కాగితం మీదే ఉండిపోయింది. క్రిస్మస్ తేదీ మార్చినందుకే గ్రీసులో ఒక వర్గం సంఘం నుంచి చీలిపోయింది, ఆ చీలిక ఇప్పటికీ ఉంది. రష్యాలో పేట్రియార్క్ తిఖోన్ 1923లో కొత్త క్యాలెండర్ ప్రకటించి, జనం ఒప్పుకోకపోవడంతో వెనక్కి తీసుకున్నాడు. ఈస్టర్‌ను కూడా ముట్టుకుంటే గ్రీకులొక రోజు, రష్యన్లొక రోజు, సెర్బులొక రోజు చేసుకునే స్థితి వచ్చేది. పండుగ తేదీ ఆకాశంతో కలవడం కంటే తామంతా ఒకే రోజున "క్రీస్తు లేచెను" అనుకోవడం ముఖ్యమని వాళ్లు ఎంచుకున్నారు. నాకు ఆ ఎంపిక మీద గౌరవముంది. నైసియా కోరింది కూడా ముందు ఏకత్వాన్నే. 1997లో సిరియాలోని అలెప్పోలో వివిధ సంఘాల ప్రతినిధులు కూర్చుని మళ్లీ జెరూసలేము రేఖ ప్రతిపాదనే చేశారు. ఆ లెక్క ఎవరి పాత పట్టికా కాదు కాబట్టి ఒకరు గెలిచి ఇంకొకరు ఓడినట్టు ఉండదు. నా మనసుకు నచ్చిన పరిష్కారం అదే, ఇంకా అమలు కాలేదు.

మీ అబ్బాయికి ఈ చరిత్ర వల్ల ఒక విషయం వింతగా కనిపించి ఉంటుంది. ఏథెన్స్‌లో క్రిస్మస్ మనలాగే డిసెంబరు 25న వస్తుంది, ఈస్టర్ మాత్రం పాత లెక్క. మాస్కోలో రెండూ పాత లెక్కే, క్రిస్మస్ మన జనవరి 7. ఫిన్లాండ్ ఆర్థడాక్స్ సంఘం ఈస్టర్ కూడా పశ్చిమంతోనే చేస్తుంది. ఇక గ్రీసులోని కాథలికులు పొరుగువారితో కలిసి ఆర్థడాక్స్ తేదీనే ఈస్టర్ చేసుకుంటారు. క్యాలెండర్‌ను చూసి ఎవరు ఏ సంఘమో చెప్పలేం.

మీ ఆఫీసులో ఆవిడ బహుశా మలంకర సంఘానికి చెందినవారై ఉంటారు. పేరులో ఆర్థడాక్స్ అని ఉన్నా అది గ్రీకు, రష్యన్ సంఘాల కుటుంబం కాదు. 451లో కాల్సిడాన్ సభ దగ్గర విడిపోయిన ప్రాచ్య ఆర్థడాక్స్ కుటుంబం. ఆ కుటుంబంలోనే ఈజిప్టు కోప్టులు, ఇథియోపియా వాళ్లు ఈస్టర్‌కు పాత లెక్క పాటిస్తారు, ఆర్మేనియన్లు కొత్త లెక్క. కేరళ మలంకర సంఘం గ్రెగోరియన్ తేదీకే వచ్చింది కాబట్టి హైదరాబాద్‌లో ఆవిడ గుడికి వెళ్లేది, మన వాళ్లు తెల్లవారుజామున కొవ్వొత్తులతో సమాధుల దగ్గరికి వెళ్లేది ఒకే ఆదివారం.

2027లో మన ఈస్టర్ మార్చి 28. ఏథెన్స్‌ది వేసి చూడండి: శేషం 13, పందొమ్మిది పదమూళ్లు 247, పదిహేనుతో 262, ముప్పైతో భాగిస్తే 22 మిగులుతుంది, ఏప్రిల్ 3కి 22 కలిపితే ఏప్రిల్ 25. అదీ ఆదివారమే, కాబట్టి మళ్లీ వారం ఆగి మే 2. మీరు గ్రీసు వెళ్లి ఆ పండుగ చూడాలనుకుంటే ఏప్రిల్ 30, వాళ్ల గుడ్ ఫ్రైడే నాటికి అక్కడ ఉండండి. ఆ రాత్రి పూలతో అలంకరించిన క్రీస్తు పాడెను వీధుల్లో ఊరేగిస్తారు. 2028లో మాత్రం ఇద్దరికీ ఏప్రిల్ 16.